నూరు పలికే మాటలు

ఆంగ్ల అక్షరమాలలో ‘ఎ’ మొదటిది కనుక దాని విలువ 1. ‘బి’ విలువ 2, ‘సి’ విలువ 3. ఇలా వరుసగా సాగి ‘జెడ్’ దగ్గర 26తో ముగుస్తుంది. ఏదైనా ఒక మాట తీసుకుని అందులోని అక్షరాల విలువలన్నీ కూడితే సరిగ్గా 100 రావాలి. అటువంటి మాటలను వెదకి పట్టుకోవడమే ఆట. అమెరికాలోని బడిపిల్లలు వీటిని డాలర్ మాటలు అంటారు. అక్షరం వరుస సంఖ్య ఎంతో, దాని ఖరీదు అన్ని సెంట్లు అనుకుంటారు. నూరు సెంట్లు ఒక డాలరు గనుక ఆ పేరు.

మా మదరసాలో ఆంగ్లం చెప్పే యువ ఉపాధ్యాయుడు సెలవులకు ముందు పిల్లలకు ఈ పని అప్పగించి వెళ్ళారు. ఒక్కొక్కరూ పది మాటలు తేవాలి. రెండు రోజులు తంటాలుపడి, ముగ్గురు పిల్లలు కాగితాలు పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. మేము ఆంగ్ల పండితులము కాము. అయినా అబ్జద్ లెక్క చెప్పేది మేమే గనుక, అక్షరానికీ అంకెకూ సంబంధించిన ఏ చిక్కయినా మా దగ్గర విడిపోతుందని వారి నమ్మకం. “హజ్రత్, నిఘంటువులో మొదటి పుట నుంచి కూడుకుంటూ వస్తున్నాము. ‘బి’ అక్షరం కూడా దాటలేదు” అన్నాడు వారిలో పెద్దవాడు.

వారు చేస్తున్నది వెదకడం కాదు, తూర్పారబట్టకుండా ధాన్యం రాశినంతా గింజ గింజగా ఏరడం. ఏ మాటల్లో నూరు దొరికే అవకాశం ఉందో, ఏ మాటల్లో లేదో కూడకముందే కొంతవరకు చెప్పవచ్చు. మొదట ఆ సంగతి చూద్దామని వారిని కూర్చోబెట్టాము.

నాలుగు అక్షరాల మాటను తీసుకుందాం. నూరు రావాలంటే ఒక్కొక్క అక్షరం సగటున 25 ఉండాలి. అంటే అన్నీ ‘వై’, ‘జెడ్’ వంటి చివరి అక్షరాలే కావాలి. అలాంటి మాట ఎవరు పలుకుతారు? మూడక్షరాల మాట అయితే మూడూ ‘జెడ్’లే అయినా 78కి మించదు. కాబట్టి వాటి జోలికి పోనక్కరలేదు. ఐదక్షరాల మాటకు సగటు 20 కావాలి. అది అసాధ్యం కాదు గాని మహా అరుదు. ‘నట్టీ’ అనే మాట ఒకటి ఉంది, గింజపప్పుల రుచి గలది అని అర్థం. ‘ఎన్’ 14, ‘యు’ 21, ‘టి’ 20, మళ్ళీ ‘టి’ 20, ‘వై’ 25. మొత్తం 100. ఇందులో ఒక్కటీ చిన్న అక్షరం లేదని గమనించండి. అందుకే ఐదింటిలో గట్టెక్కింది.

ఇక మామూలు ఆంగ్ల రచనలో అక్షరాలు ఎంత తరచుగా వస్తాయో లెక్కలోకి తీసుకుంటే, ఒక్కొక్క అక్షరానికి సగటున పదకొండో పన్నెండో పడుతుంది. ‘టి’, ‘ఎస్’, ‘ఆర్’ వంటి బరువైన అక్షరాలు తరచుగా వచ్చినా, 1 విలువ గల ‘ఎ’, 5 విలువ గల ‘ఇ’ వాటికంటే తక్కువేమీ రావు గనుక సగటు కిందికి దిగుతుంది. నూరును పన్నెండుతో భాగిస్తే ఎనిమిది చిల్లర, పదకొండుతో భాగిస్తే తొమ్మిది చిల్లర. అంటే నూరు పలికే మాటలు ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది అక్షరాల గుంపులో ఉంటాయి. ఆరు, ఏడు అక్షరాల్లో వెదికితే బరువైన అక్షరాలున్న మాటలనే చూడాలి. పది దాటితే ‘ఎ’, ‘ఇ’, ‘డి’, ‘సి’ వంటి తేలిక అక్షరాలు నిండిన మాటలనే చూడాలి. ఈ ఒక్క మాట చెప్పగానే ఆ పెద్దవాడు నిఘంటువు మూసి, ఎదురుగా కనబడుతున్న బోర్డు చూసి ‘హాస్పిటల్’ అన్నాడు. అక్షరాలు ఎనిమిది. కూడాడు: 8, 15, 19, 16, 9, 20, 1, 12. సరిగ్గా నూరు! రెండు రోజుల తర్వాత దొరికిన మొదటి మాట అది. ఆ సంబరంలో ‘టెలిఫోన్’ కూడా తొమ్మిది అక్షరాలే కదా అని రెండోవాడు కూడాడు. అదీ నూరే. మూడోసారి అంత సులువుగా దొరకలేదు గాని, దారి మాత్రం తెలిసింది.

ఇంకొక జల్లెడ ఉంది. మాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. నూరు సరి సంఖ్య. సరి సంఖ్యలను ఎన్నిటిని కూడినా సరి సంఖ్యే వస్తుంది. బేసి సంఖ్యలను కూడితే మాత్రం, అవి జతలుగా ఉంటేనే సరి సంఖ్య వస్తుంది. అంటే ఒక మాటలో బేసి విలువ గల అక్షరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు. ఆ లెక్క బేసి అయితే ఆ మాట నూరు కావడం కల్ల. కూడనక్కరలేదు. బేసి అక్షరాలేవో గుర్తుపెట్టుకోవడం కష్టమా? ఆంగ్లంలోని అచ్చులు ‘ఎ’, ‘ఇ’, ‘ఐ’, ‘ఓ’, ‘యు’ ఐదూ బేసివే: 1, 5, 9, 15, 21. అచ్చులా పలికే ‘వై’ కూడా బేసిదే, 25. హల్లులలో ‘సి’, ‘జి’, ‘కె’, ‘ఎం’, ‘క్యూ’, ‘ఎస్’, ‘డబ్ల్యూ’ ఏడు మాత్రమే బేసివి. మిగిలినవన్నీ సరివి.

‘లెటర్స్’ అనే మాట తీసుకుని పిల్లలకు చూపించాము. అందులో రెండు ‘ఇ’లు, ఒక ‘ఎస్’. బేసి అక్షరాలు మూడు. కాబట్టి నూరు కానే కాదు. మొత్తం ఎంతో చూద్దామని ఒకడు పట్టుబట్టి కూడితే 99 వచ్చింది. ఒక్కటి తక్కువ! “అయ్యో” అన్నాడు. అయ్యో అనవలసిన పని లేదు, అది నూరు కాదని కూడకముందే తెలుసు కదా. ఈ జల్లెడ దాదాపు సగం మాటలను రాల్చేస్తుంది. మిగిలినవి నూరు కావచ్చు, కాకపోవచ్చు. జల్లెడ దాటినంత మాత్రాన గింజ మంచిదని కాదు.

ఇదే జల్లెడ కూడికలో జరిగే పొరపాటును కూడా పట్టిస్తుంది. బేసి అక్షరాలు నాలుగున్న మాటకు 97 వచ్చిందంటే ఎక్కడో తప్పు కూడారన్న మాట. పిల్లలు చేసే పొరపాట్లు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది జంట అక్షరాలలో ఒకదాన్ని వదిలేయడం. రెండవది అక్షరమాల మధ్యభాగంలో ఒక స్థానం అటూ ఇటూ జారడం; ‘ఎల్’ 12 అయితే దాన్ని 11 అనుకోవడం వంటిది. దీనికి మందు ‘ఇ’, ‘జె’, ‘ఓ’, ‘టి’, ‘వై’ అనే ఐదు మైలురాళ్ళు. వాటి విలువలు 5, 10, 15, 20, 25. ‘ఆర్’ ఎంత అంటే మొదటి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టనక్కరలేదు. ‘టి’ 20, దానికి రెండు వెనక, 18. ఈ ఐదూ నోటికి వస్తే పట్టిక చూడవలసిన అవసరం తీరిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినది ఏ మాటలను వదిలేయాలో. ఏ మాటలను పట్టుకోవాలో చెప్పే కిటుకు వేరే ఉంది. నూరు పలికే మాట కోసం కాక, నూరుకు కొంత తక్కువైన మాట కోసం వెదకాలి. ఆ కొరతను మాట చివరో మొదటో చేరే తోకతో పూరించాలి. ఆంగ్లంలో ఇటువంటి తోకలు కొన్ని ఉన్నాయి. బహువచనపు ‘ఎస్’ 19. చేసేవాడు అనే అర్థమిచ్చే ‘ఇ ఆర్’ 23. మళ్ళీ అనే అర్థంతో ముందు చేరే ‘ఆర్ ఇ’ కూడా అవే అక్షరాలు గనుక 23. జరుగుతున్నది అని చెప్పే ‘ఐ ఎన్ జి’ 30. లేనిది అనే ‘ఎల్ ఇ ఎస్ ఎస్’ 55. ఈ ఐదు చాలు. నూరులో నుంచి ఒక్కొక్క తోకను తీసివేస్తే మనం వెదకవలసిన గుడ్డి లెక్కలు తేలుతాయి: 81, 77, 70, 45.

81 పలికే నామవాచకం ఏదైనా దొరికితే దానికి బహువచనం చేరిస్తే నూరు. ‘ఎలిఫెంట్’ 81. ఒక ఏనుగు నూరు కాదు, ఏనుగులు నూరు అని పిల్లలు నవ్వుకున్నారు. 77 పలికే క్రియ ‘ప్రింట్’: 16, 18, 9, 14, 20. చివర తోక చేర్చితే ‘ప్రింటర్’, ముందు చేర్చితే ‘రీప్రింట్’. రెండూ నూరే. అక్షరాలు అవే, వరుస మారింది, అంతే. ఒక నూరు మాట దొరికితే, అవే అక్షరాలను కలిపి వేరే మాట తయారవుతుందేమో చూడటం ఇందువల్లనే. కూడిక అవసరం లేకుండా రెండో మాట వచ్చిపడుతుంది. 70 పలికే క్రియ ‘పోర్’, అంటే ధారగా పోయడం: 16, 15, 21, 18. దానికి 30 చేర్చితే ‘పోరింగ్’, నూరు. ఇక 45 పలికే మాట ‘యూజ్’: 21, 19, 5. దానికి 55 విలువ గల తోక చేరితే ‘యూజ్‌లెస్’, అంటే పనికిరానిది. అదీ నూరే! ఈ మాటను పక్కన పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

తోకలు కుదరనప్పుడు ఒక అక్షరాన్ని మార్చడం మరో దారి. దీన్ని మేము మా ఇంట్లోనే చూశాము. పిల్లల కాగితం ఒకటి మా చేతిసంచిలో ఇంటికి వచ్చింది. మా కోడలు దాన్ని చదివి, వంటింటి మాటల్లో నూరు ఎన్ని ఉన్నాయో చూస్తానని కూర్చుంది. ‘మటన్’ 103 వచ్చింది. అందులో ‘ఎం’, ‘యు’, ‘ఓ’ మూడు బేసి అక్షరాలున్నాయి, కూడకుండానే వదిలేయవలసింది. ‘చట్నీ’ ఆంగ్లంలో రాస్తే నాలుగు బేసి అక్షరాలు. జల్లెడ దాటింది గాని 96 దగ్గర ఆగింది. ‘మస్టర్డ్’, అంటే ఆవాలు, అదీ 96. ‘బటర్’ 86. ఇంకా 14 కావాలి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒకే ఒక అక్షరాన్ని దానికి 14 స్థానాలు ముందున్న అక్షరంతో మార్చాలి. ‘యు’ విలువ 21, దానికి 14 కలిపితే 35. అక్షరమాలలో అంత దూరం లేదు. ‘టి’ 20, అదీ కుదరదు. ‘ఆర్’ 18, అదీ కాదు. మిగిలినవి రెండే: 2 విలువ గల ‘బి’, 5 విలువ గల ‘ఇ’. ‘ఇ’కి 14 కలిపితే 19, అంటే ‘ఎస్’. ఆ చోట ‘ఎస్’ పెడితే పలకడానికే రాదు. ‘బి’కి 14 కలిపితే 16, అంటే ‘పి’. ‘బి’ తీసి ‘పి’ పెడితే ‘పటర్’. ఇది మాటేనా అని నిఘంటువు చూస్తే, గోల్ఫ్ ఆటలో బంతిని నేల మీద మెల్లగా గుంటలోకి నెట్టే కర్ర పేరు అది అని తేలింది. నూరు! ఆరు అక్షరాల మాటలో మార్చదగినవి రెండే చోట్లని ముందే తేలడం చూడండి; ఇంత ఇరుకు దారిలో వెదకడం ఎంత తేలిక! వంటింట్లో మార్పు అవసరం లేకుండా నేరుగా నూరు పలికినది గుమ్మడికాయ ఒక్కటే. ‘పంప్‌కిన్’: 16, 21, 13, 16, 11, 9, 14. ఆ పూట మా ఇంట గుమ్మడికాయ దాల్చా వండారు. అది యాదృచ్ఛికమని మా కోడలు అంటుంది, మేము నమ్మలేదు.

పాత ఉర్దూ, ఫార్సీ పుస్తకాలు చదివిన ఇళ్ళలో ఈ పని కొత్తగా అనిపించదు. తారీఖు కట్టడం అనే విద్య ఇదే కదా. ఒక మసీదు కట్టినా, ఒక పెద్దమనిషి పరమపదించినా, ఒక గ్రంథం పూర్తయినా, ఆ హిజ్రీ సంవత్సరం మొత్తంగా వచ్చేలా ఒక మాటనో పదబంధాన్నో కవులు కూర్చేవారు. అక్కడి లెక్క అబ్జద్ లెక్క. అలిఫ్ 1, బే 2 అని మొదలై యే దగ్గర 10 అవుతుంది. ఆపైన పదులు, వందలుగా దూకి గైన్ దగ్గర 1000తో ముగుస్తుంది. వరుస సంఖ్య కాదది. అందువల్ల వెదికే తీరు కూడా మారుతుంది. ఆంగ్లపు ఆటలో ఏ ఒక్క అక్షరమూ పెత్తనం చేయలేదు, అన్నీ కలిసి సగటున నూరుకు చేరాలి. అబ్జద్‌లో మాత్రం పెద్ద అక్షరాన్ని ముందు ఎంచుకుని, మిగిలిన కొరతను చిన్నవాటితో పూడ్చాలి.

ఫోర్ట్ విలియం కళాశాలలో మీర్ అమ్మన్ రాసిన ‘బాగ్-ఓ-బహార్’ పేరు ఇందుకు చక్కని ఉదాహరణ. బే 2, అలిఫ్ 1, గైన్ 1000. ఇది ‘బాగ్’, 1003. మధ్యలో ‘ఓ’ అని పలికే వావ్ 6. బే 2, హే 5, అలిఫ్ 1, రే 200. ఇది ‘బహార్’, 208. మొత్తం 1217. అది గ్రంథం పూర్తయిన హిజ్రీ సంవత్సరం. తోట, వసంతం అనే రెండు మాటలకే అయితే 1211 మాత్రమే వస్తుంది. నడుమ ఉన్న ‘మరియు’ అనే ఆ చిన్న వావ్ ఆరు సంవత్సరాలు మోసింది. మా ప్రింటర్‌కు తోక చేసిన పని అక్కడ వావ్ చేసింది. కొరత అలా కూడా తీరనప్పుడు తారీఖు కవులకు ఒక వెసులుబాటు ఉండేది: ఫలానా మాట తల తీసివేయండి, ఫలానా అక్షరం కలపండి అని కవితలోనే సూచన చేసి సరిపెట్టేవారు. దాన్ని తామియా అంటారు. పిల్లల ఆటలో ఆ వెసులుబాటు లేదు. నిఘంటువులో ఉన్న మాట ఉన్నట్టు నూరు పలకాలి. ఒక రకంగా ఇదే కఠినం.

ఇక మా వీధిలోని ఒక శిక్షణ కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక లెక్క రాసి ఉంటుంది. అటువంటిది మీరు కూడా ఎక్కడో చూసే ఉంటారు, చరవాణిలోనైనా వచ్చే ఉంటుంది. ‘హార్డ్ వర్క్’ 98, ‘నాలెడ్జ్’ 96, ‘ఆటిట్యూడ్’ 100. కష్టపడితే 98 శాతమేనట, జ్ఞానం ఉంటే 96 శాతమేనట, దృక్పథం ఉంటేనే నూటికి నూరట. పిల్లలు దాన్ని నిజమైన రుజువుగా తెచ్చి మాకు చూపారు. మేము ముగ్గురి చేతా మూడు మాటలూ కూడించాము. కూడికలో తప్పు లేదు. తప్పు కూడికలో లేదు గనుకనే ఈ మాట అంత దూరం పోయింది.

అప్పుడు పక్కన పెట్టిన మాటను తీయమన్నాము. ‘యూజ్‌లెస్’ కూడా నూరే కదా, పనికిరానితనం ఉంటే నూటికి నూరు అని గోడ మీద రాస్తారా? మనసును నలిపే ఒత్తిడిని ‘స్ట్రెస్’ అంటారు: 19, 20, 18, 5, 19, 19. అదీ నూరే. ‘డిసిప్లిన్’, క్రమశిక్షణ, నూరు. ‘ఎక్స్‌లెంట్’ నూరు. బుధవారం పేరు ‘వెడ్నెస్‌డే’ నూరు. ముప్పై అనే అంకె పేరు ‘థర్టీ’ కూడా నూరు పలుకుతుంది. గోడ రాసినవారు వీటిలో తమకు కావలసినదాన్ని ఏరుకున్నారు, మిగిలినవాటిని చెప్పలేదు. జబ్బు అనే మాట ‘సిక్‌నెస్’ 99, సహనం అనే ‘పేషెన్స్’ 73. ఈ లెక్క ప్రకారం సబ్ర్ కంటే జబ్బు మేలని తేలుతుంది! ఎనిమిది, తొమ్మిది అక్షరాల దగ్గర నూరు సహజంగానే గుమిగూడుతుందని మొదట చూశాము. గుమిగూడేచోట మంచీ ఉంటుంది, చెడూ ఉంటుంది, బుధవారమూ ఉంటుంది.

స్పెల్లింగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రంగు అనే మాటను ఇంగ్లండువారు ‘యు’తో రాస్తారు, 84 వస్తుంది. అమెరికావారు ‘యు’ లేకుండా రాస్తారు, 63 వస్తుంది. రంగు మారలేదు, 21 మాయమైంది. అందువల్ల ఆట మొదలుపెట్టకముందే ఏ నిఘంటువు ప్రమాణమో నిర్ణయించుకోవాలి, లేకుంటే తగవు తప్పదు. ఆటలో ఇది చిన్న తగవు. జీవితంలో పెద్ద తగవు కావడం కూడా మేము చూశాము.

మా మొహల్లాకు చెందిన ఒక తండ్రి మగ్రిబ్ తర్వాత మా దగ్గరకు వచ్చాడు. కూతురి పేరు ఆయిషా. ఏడవ తరగతి చదువుతోంది. పరీక్షలలో మార్కులు తగ్గాయి. అక్షరాల లెక్క తెలుసని చెప్పుకునే ఒక బంధువు, ఆ పిల్ల పేరు ఆంగ్లంలో రాసే తీరులో మొత్తం బాగాలేదని, ఒక అక్షరం కలపాలని చెప్పాడట. బడి రికార్డులు, ఆధార్ అన్నీ మార్పించాలని తండ్రి తిరుగుతున్నాడు. ఆ తిరుగుడుకు రెండు రోజుల కూలి పోయింది. తల్లి ఒప్పుకోవడం లేదు. ఇంట్లో మాటలు లేవు.

“మౌలానా సాబ్, మీరు లెక్క చూసి చెప్పండి” అన్నాడు.

మేము లెక్కే చూశాము. కాగితం వెనక్కి తిప్పి ఆయన చేతనే రాయించాము. పిల్ల పేరు బడిలో ‘ఎ వై ఇ ఎస్ హెచ్ ఎ’ అని ఉంది: 1, 25, 5, 19, 8, 1. మొత్తం 59. ఇంకొకరు ‘ఎ ఐ ఎస్ హెచ్ ఎ’ అని రాస్తారు: 38. చివర ‘హెచ్’ చేర్చి రాసేవారు ఉన్నారు: 46. ‘వై’ ఉంచి ‘ఇ’ తీసేస్తే 54. మొదట రెండు ‘ఎ’లు పెట్టి ‘వై ఇ’తో రాస్తే 60. ఐదు మొత్తాలు వచ్చాయి. “వీటిలో మీ అమ్మాయి ఏది భాయ్?” అని అడిగాము. ఆయన చాలాసేపు కాగితం వైపే చూశాడు. మనం పిలిచే ఆ పేరు అరబీ పేరు. దాన్ని ఆంగ్ల అక్షరాల్లోకి దించిన గుమాస్తాను బట్టి సంఖ్య మారుతుంది, పిల్లను బట్టి కాదు.

“పోనీ, అరబీలో అబ్జద్ ప్రకారం చూస్తే?” అన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని మాకు తెలుసు. అక్కడా ఒక చిక్కు ఉంది. ఆ పేరు చివర ఉండే గుండ్రని తేను కొందరు హే గా భావించి 5 వేస్తారు, కొందరు తే గా భావించి 400 వేస్తారు. ఒకే పేరు, ఒకే రాత, తేడా 395. తారీఖు కట్టే కవులకు ఇది తెలుసు గనుకనే ఏ పద్ధతిలో కూడాలో ముందే ఒప్పందం చేసుకునేవారు. వారికి ఆ మొత్తం ఒక సంవత్సరాన్ని గుర్తుంచుకునే ఉపాయం. అందులో నుంచి ఎవరి భవిష్యత్తునూ తీయడం కాదు. గైబ్ సంగతులు అల్లాహ్‌కే తెలుసు, అది కూడికకు చిక్కేది కాదు అని మాత్రం ఆయనకు చెప్పాము.

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మార్కులు ఏ విషయంలో తగ్గాయో అడుగుతానన్నాడు. రెండు రోజుల తర్వాత తెలిసింది, గణితంలోనట. ఆ పిల్ల ఇప్పుడు మా కోడలి దగ్గరకు సాయంత్రాలు వస్తోంది. వచ్చిన మూడో రోజున, ఎవరూ చెప్పకుండానే, తన బళ్ళో రోజూ వినే మాట ఒకటి పట్టుకుంది. పావు అని అర్థం వచ్చే ‘క్వార్టర్’. ‘క్యూ’ 17, ‘యు’ 21, ‘ఎ’ 1, ‘ఆర్’ 18, ‘టి’ 20, ‘ఇ’ 5, ‘ఆర్’ 18. పావు డాలరుకు పూర్తి డాలరు ఖరీదు పడిందని మా కోడలు చెబితే, ముందు బేసి అక్షరాలు లెక్కపెట్టి నాలుగు ఉన్నాయని చూసుకున్నాకే కూడానని ఆ పిల్ల జవాబిచ్చిందట.